సగం కేకుకి సగం గుడ్డు

ఇంట్లో ఉండేది ఇద్దరే. పిల్లలు చదువులకో ఉద్యోగాలకో వెళ్లిపోయారు. సాయంత్రం టీలోకి చిన్న కేకు చేసుకుందామని పాత డైరీలో రాసి పెట్టుకున్న కొలతలు తీస్తే అవేమో అయిదారుగురికి సరిపోయేవి. సరే, సగం చేసుకుందాం అనుకుంటాం. మైదా సగం, పంచదార సగం, వెన్న సగం... చకచకా లెక్క సాగిపోతుంది. ఆఖర్న ‘గుడ్డు - 1’ అని ఉంటుంది. లెక్క అక్కడ ఆగిపోతుంది.

అప్పుడు చాలామంది చేసేవి మూడే మూడు పనులు. ‘గుడ్డే కదా, ఎక్కువైతే బలమే’ అని మొత్తం గుడ్డు వేసేయడం ఒకటి. అసలు గుడ్డే మానేసి దాని బదులు నాలుగు చెంచాల పాలు పోయడం రెండోది. గుడ్డు చిల్లుచేసి, కంటి అంచనాతో సగం ఒంపి, మిగతాది సింకులో పారబోయడం మూడోది. మొదటి పద్ధతిలో కేకు రబ్బరులా సాగుతుంది. రెండో దాంట్లో చాకు పెట్టగానే పొడిపొడిగా రాలిపోతుంది. మూడో దాంట్లో ఏమవుతుందో ముందే చెప్పలేం. ఎందుకంటే గిలక్కొట్టని గుడ్డు సగానికి విడిపోదు. చిప్ప వంచగానే ముందు పల్చటి తెల్లసొన జారిపోతుంది. దాని వెనక చిక్కటి తెల్లసొన ముద్దలా వేలాడుతుంది. సగం అయిందని ఆపుదామనుకునేలోపు పచ్చసొన గభాల్న పడిపోతుంది. అంటే మన గిన్నెలోకి వచ్చింది ఒకసారి ఉత్త తెల్లసొన, ఇంకోసారి ముప్పాతిక గుడ్డు!

సగం అంటే పరిమాణంలో సగం కావడమే కాదు, తెలుపూ పసుపూ కూడా సగం సగం రావాలి. గుడ్డు కేకులో రెండు రకాల పనులు చేస్తుంది మరి. తెల్లసొనలో పదింట తొమ్మిది వంతులు నీరే. మిగతాది మాంసకృత్తులు. వేడికి అవి గట్టిపడి కేకుకి ఆకారాన్నిస్తాయి. పచ్చసొనలో సుమారు సగమే నీరు, మూడో వంతు దాకా కొవ్వు. కేకు మెత్తగా, గుల్లగా రావడానికీ, వెన్నా పాలూ విడిపోకుండా కలిసి ఉండటానికీ అదే ఆధారం. ఒకటి పడి ఒకటి పడకపోతే కేకు ఒకవైపు మొగ్గుతుంది.

మాటల్లో కాకుండా ఒక కేకునే తీసుకుని చూద్దాం. ఒక్క గుడ్డుతో చేసే మామూలు వెనిలా కేకు ఇది. మైదా 100 గ్రాములు, పంచదార పొడి 75 గ్రాములు, వెన్న 60 గ్రాములు, గుడ్డు ఒకటి, పాలు నాలుగు టేబుల్ స్పూన్లు, బేకింగ్ పౌడరు టీ స్పూను, వెనిలా ఎసెన్సు అర టీ స్పూను, చిటికెడు ఉప్పు. ఆరంగుళాల గుండ్రటి టిన్నులో పోస్తే ఇది అయిదారుగురికి వస్తుంది. దీనిలో సగం కావాలంటే మైదా 50, పంచదార 38, వెన్న 30 గ్రాములు. పాలు రెండు టేబుల్ స్పూన్లు. బేకింగ్ పౌడరు అర టీ స్పూను, ఎసెన్సు పావు టీ స్పూను. బేకింగ్ పౌడరు దగ్గర ‘ఇంకాస్త వేస్తే ఇంకాస్త పొంగుతుంది’ అనే ఆశ వద్దు. ఎక్కువైతే పొంగి మధ్యలో కుంగిపోతుంది, నాలుకకి చేదు కూడా తగులుతుంది.

ఇక గుడ్డు సంగతి. దాన్ని ఫ్రిజ్‌లోంచి అరగంట ముందే తీసి బయట పెట్టండి. చిన్న గ్లాసులోకో, ముక్కు ఉన్న కప్పులోకో పగలగొట్టి, కేకులో వేయాల్సిన ఆ చిటికెడు ఉప్పులో నాలుగు పలుకులు దీన్లోనే వేయండి. ఉప్పు తగిలితే తెల్లసొన జిగురు విరిగి సొన పల్చబడుతుంది. ఇప్పుడు ఫోర్కుతో కలపాలి. ఆమ్లెట్‌కి గిలక్కొట్టినట్టు గాలి నింపుతూ కొట్టకూడదు. ఫోర్కు మొనలు గ్లాసు అడుగుని వదలకుండా, అటూ ఇటూ కోస్తున్నట్టు తిప్పాలి. నురగ వచ్చిందంటే చెంచాతో కొలిచేటప్పుడు గాలిని కొలిచినట్టే. ఒకవేళ నురగ వచ్చినా కంగారు లేదు, అయిదు పది నిమిషాలు పక్కన పెడితే చాలావరకు అణిగిపోతుంది.

ఎంతసేపు కలపాలి? ఫోర్కు పైకెత్తి చూస్తే సొన తీగలు తీగలుగా వేలాడకుండా, పల్చటి మజ్జిగలా జారిపోవాలి. పచ్చసొనకి రెండు పక్కలా తెల్లటి తాడులాంటి పోగులుంటాయి. అవి ఎంత కలిపినా ఓ పట్టాన కరగవు. చెంచాలో అదొక్కటీ పడితే కొలత తప్పుతుంది కాబట్టి ఫోర్కుతో పైకి తీసేయండి. లేదా సొన మొత్తాన్ని టీ వడపోసే జల్లెడలోంచి ఒంపేయండి. రెండూ బాగా కలిసి ఒకే రంగు వచ్చాక ఎక్కడ సగం తీసినా సగమే.

వంటింట్లో చిన్న డిజిటల్ కాటా ఉంటే పని సులువు. మామూలుగా మనకి దొరికే ఫారం కోడిగుడ్డు పెంకుతో 50 నుంచి 55 గ్రాములుంటుంది. అందులో పెంకు పదో వంతు కంటే కొంచెం ఎక్కువ. మీ గుడ్డు 54 గ్రాములు తూగిందనుకుందాం. పగలగొట్టాక సొన 48 గ్రాముల దాకా వస్తుంది. అందులో తెలుపు 32, పసుపు 16 గ్రాములకి అటూ ఇటూగా ఉంటుంది. మనకి కావాల్సింది 24 గ్రాములు. వేరే గిన్నెలోకి కొలిచి, దాన్నుంచి మళ్లీ కేకు గిన్నెలోకి ఒంపితే ఆ గిన్నెకే రెండు మూడు గ్రాములు అంటుకుపోతుంది. 48లో మూడు పెద్ద లెక్క కాదు కానీ 24లో మూడంటే ఎనిమిదో వంతు. అందుకని తలకిందులుగా కొలవడం మేలు. సొన ఉన్న గ్లాసునే కాటా మీద పెట్టి అంకెని సున్నా చేయండి. గ్లాసు ఎత్తి కేకు పిండిలోకి కొంచెం కొంచెంగా ఒంపుతూ మళ్లీ కాటా మీద పెట్టి చూడండి. మైనస్ 24 చూపించగానే ఆపేయండి. పిండిలో కచ్చితంగా 24 గ్రాములు పడినట్టే.

కాటా లేనివాళ్లు దిగులు పడక్కర్లేదు. దగ్గు మందు సీసా మూత మీద ఉండే చిన్న ప్లాస్టిక్ కప్పు దాదాపు ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. దాని మీద 5, 10 మిల్లీలీటర్లని గీతలుంటాయి. వాడని కొత్తది ఒకటి శుభ్రంగా కడిగి వంటింట్లో పెట్టుకోండి. గుడ్డు సొన గ్రామూ మిల్లీలీటరూ దాదాపు ఒకటే కాబట్టి 24 గ్రాములంటే 24 మిల్లీలీటర్లకు కాస్త తక్కువ, అంతే. కొలత చెంచాలతో అయితే టేబుల్ స్పూను, ఆపైన అర టేబుల్ స్పూను. అయితే ‘సగం గుడ్డంటే ఒకటిన్నర చెంచా’ అని బట్టీ పట్టకండి. గుడ్లన్నీ ఒకలా ఉండవు. ముందు మొత్తం సొన ఎన్ని చెంచాలుందో కొలిచి, అందులో సగం తీసుకోవడమే సరైన పద్ధతి. నాటుకోడి గుడ్డు నలభై గ్రాములకు మించకపోవచ్చు. దాని సొన మొత్తం కలిపినా 35 గ్రాములే.

ఇక్కడ ఇంకో మెలిక ఉంది. అమెరికాలో ఉన్న అమ్మాయో కోడలో పంపిన కొలతలతో చేస్తుంటే, అక్కడి కొలతల్లో గుడ్డు అంటే ‘లార్జ్’ సైజు అని అర్థం. అది పెంకుతో 57 గ్రాములుంటుంది, సొన 50 గ్రాములు. దాంట్లో సగమంటే 25 గ్రాములు. మన దగ్గర యాభై గ్రాముల గుడ్డు తెచ్చి సగం చేస్తే 22 గ్రాములే వస్తుంది. కాబట్టి అలాంటప్పుడు మన గుడ్డులో సగం కాకుండా 25 గ్రాములు కొలిచి వేయండి. మిగిలేది కాస్త తగ్గుతుంది, అంతకుమించి నష్టం లేదు.

గుడ్డు సరిగ్గా కొలిచినా కొన్నిసార్లు సగం కేకు చెడుతుంది. దానికి కారణం గిన్నె. మూడు గుడ్ల కేకు కలిపే పెద్ద బేసినులో ముప్ఫై గ్రాముల వెన్న వేస్తే అది అంచులకి పూసుకుపోతుంది, ఎలక్ట్రిక్ బీటరు రెక్కలకి అందదు. చిన్న లోతు గిన్నె, చెక్క గరిట చాలు. వెన్నా పంచదారా తెల్లగా, మెత్తగా అయ్యేదాకా గిలకొట్టి, గుడ్డు సొనని రెండు మూడు విడతలుగా వేయండి. ఒకేసారి కుమ్మరిస్తే, అందులోనూ చల్లటిదైతే, పాలు విరిగినట్టు పలుకులు పలుకులుగా విడిపోతుంది. అలా అయినా పారేయొద్దు, కొలిచి పెట్టుకున్న మైదాలోంచే ఒక చెంచా వేసి కలిపితే దగ్గరపడుతుంది. తర్వాత బేకింగ్ పౌడరు కలిపి జల్లించిన మిగతా మైదా, పాలు మార్చి మార్చి వేస్తూ తేలిగ్గా కలపాలి. మైదా పడ్డాక ఎక్కువసేపు తిప్పితే సాగుడు వస్తుంది.

పిండి జారు చూస్తేనే గుడ్డు కొలత తేలిపోతుంది. గరిటతో ఎత్తి వంచితే ఇడ్లీ పిండిలా నెమ్మదిగా ముద్దగా జారాలి. దోసె పిండిలా ధారగా కారితే గుడ్డో పాలో ఎక్కువైనట్టు. గరిటని విదిలించినా కదలకుండా పట్టుకుని ఉంటే తక్కువైనట్టు, అప్పుడు ఇంకో చెంచా పాలు పోయొచ్చు.

ఆ పిండిని అదే ఆరంగుళాల టిన్నులో పోయకండి. సగం పిండి పెద్ద టిన్నులో పల్చగా పరుచుకుంటుంది, పదిహేను నిమిషాలకే అంచులు మాడి బిస్కట్టులా తయారవుతుంది. టిన్ను అడుగు వైశాల్యమూ సగం కావాలి. సగం అంటే మూడంగుళాల టిన్ను కాదండోయ్. వెడల్పుని వెడల్పుతో గుణించి చూడాలి. ఆరార్లు ముప్ఫై ఆరు, అందులో సగం పద్ధెనిమిది. నాలుగుంబావుని నాలుగుంబావుతో గుణిస్తే పద్ధెనిమిదే వస్తుంది. అంటే నాలుగుంబావు అంగుళాల గిన్నె కావాలి. స్టీలు క్యారియర్‌లో చిన్న గిన్నె చాలా ఇళ్లలో ఇంచుమించు ఈ సైజులోనే ఉంటుంది. టేపు పెట్టి చూసుకోండి. అడుగున వెన్న రాసి, గుండ్రంగా కత్తిరించిన కాగితం వేస్తే సరిపోతుంది. అదీ లేకపోతే మూడు కప్ కేకులుగా పోసేయండి.

ఓవెన్ వేడి మాత్రం సగం చేయకూడదు. 180 డిగ్రీలే. పిండి మందం దాదాపు అంతే ఉంటుంది కాబట్టి సమయం కూడా సగం కాదు. పెద్ద కేకుకి అరగంట పడితే దీనికి పాతిక నిమిషాల లోపు అవుతుంది, కప్ కేకులైతే ఇరవై లోపు. పద్ధెనిమిదో నిమిషం నుంచీ పుల్ల గుచ్చి చూస్తూ ఉండండి. పుల్లకి పచ్చి పిండి అంటకుండా ఒకటీ అరా పొడి పలుకులతో వస్తే దించేయొచ్చు. కుక్కర్‌లో చేసేవాళ్లు గ్యాస్కెట్, వెయిట్ తీసేసి, అడుగున ఉప్పు పరిచి, పది నిమిషాలు ఖాళీగా వేడెక్కనిచ్చి, సన్నటి సెగ మీద పెడతారు కదా. అందులో సెగ ఇంటింటికీ మారుతుంది. ఇరవై నిమిషాల తర్వాత ఒకసారి మూత తీసి చూడటం మంచిది. అంతకుముందు మాటిమాటికీ తీస్తే పొంగింది కాస్తా కుంగుతుంది.

చల్లారాక ముక్క కోస్తే మిగతా సంగతి తెలుస్తుంది. సన్నటి రంధ్రాలతో ఒకేలా ఉంటే కొలత కుదిరినట్టు. వేలితో నొక్కితే స్పాంజిలా మెత్తగా లేచి రావడం వేరు, రబ్బరు బంతిలా ఎగిరి రావడం వేరు. రెండోది జరిగి, ముక్కలో పొడుగాటి సొరంగాల్లాంటి కన్నాలుండి, నీచు వాసన తగిలిందంటే గుడ్డు ఎక్కువైంది. కోస్తుంటేనే పొడి రాలుతూ, ముక్క చేతిలో విరిగిపోతుంటే గుడ్డు తక్కువైంది.

ఇంత కొలిచే ఓపిక లేదు, సగం గుడ్డు దాచుకుని ఏం చేసుకుంటాం అనేవాళ్లూ ఉంటారు. వాళ్లకీ దారుంది. పైన చెప్పిన సగం కేకులోనే మొత్తం గుడ్డు వేసి, పాలు తగ్గించేయండి. అదనంగా పడిన అర గుడ్డులో 18, 19 గ్రాముల నీరుంటుంది. రెండు టేబుల్ స్పూన్ల పాలంటే ఆరు టీ స్పూన్లు. అందులో నాలుగు తీసేసి రెండే పోస్తే పిండి జారు సరిపోతుంది. కేకు కాస్త గట్టిగా, గుడ్డు రుచి కొంచెం తేలుతూ వస్తుంది, కానీ చెడిపోదు. వెనిలాతో పాటు కొంచెం నారింజ తొక్క తురుమో, యాలకుల పొడో వేస్తే ఆ వాసన తెలియదు. పాలు లేని కొలతల్లో మాత్రం ఈ ఉపాయం పనికిరాదు. తగ్గించడానికి అక్కడ తడి ఏదీ లేదుగా!

అలాంటి చోట, అంటే బిస్కట్లలో, పచ్చసొన ఒక్కటే వాడటం నాకు నచ్చిన పద్ధతి. మైదా 200, వెన్న 100, పంచదార 100 గ్రాములకి ఒక గుడ్డు అన్నది బిస్కట్ల మామూలు లెక్క. సగం చేసినప్పుడు 100, 50, 50కి ఒక పచ్చసొన వేయండి. సగం గుడ్డు 24 గ్రాములైతే పచ్చసొన 16, 17 గ్రాములే. తక్కువైన ఏడెనిమిది గ్రాములు ఇంచుమించు నీరే కాబట్టి ఒకటిన్నర టీ స్పూన్ల పాలు కలిపితే లెక్క సరి. ఆ పాలు వేయకపోతే పిండి ఒత్తేటప్పుడు అంచులు పగుళ్లిస్తుంది. పచ్చసొనతో చేసిన బిస్కట్లు మొత్తం గుడ్డుతో చేసినవాటికంటే గుల్లగా, నోట్లో వేస్తే కరిగిపోయేలా వస్తాయి. కేకులో ఇలా చేయొద్దు. తెల్లసొన ఇచ్చే పట్టు లేక కేకు సరిగ్గా లేవదు.

పెద్ద ఊళ్లలో సూపర్ మార్కెట్లలో కౌజు పిట్ట గుడ్లు డబ్బాల్లో దొరుకుతున్నాయి. ఒక్కోదాన్లో సొన తొమ్మిది గ్రాముల వరకూ ఉంటుంది. మూడు గుడ్లు కొడితే 27 గ్రాములు, సగం కోడిగుడ్డుకి కాస్త ఎక్కువ. పాలు అర టీ స్పూను తగ్గిస్తే చాలు. మిగిలిపోవడం అన్న సమస్యే లేదు. దాని పెంకు లోపలి పొర గట్టిది. కోడిగుడ్డులా గిన్నె అంచుకి కొడితే పెంకు నలిగి ముక్కలు సొనలో పడతాయి. చాకు మొనతో కొసన చిన్న గాటు పెట్టి తుంచండి.

అన్ని వంటలకీ ఇంత సూక్ష్మం అక్కర్లేదని కూడా చెప్పాలి. అరకిలో చికెన్‌కి ఒక గుడ్డు కలిపి వేయించే చికెన్ 65 లాంటివాటిలో, పావుకిలోకి మొత్తం గుడ్డు వేసినా ఒక చెంచా కార్న్‌ఫ్లోర్ ఎక్కువ వేసుకుంటే సర్దుకుంటుంది. ఏమీ కలపకుండా వదిలేస్తే మాత్రం పైపూత మెత్తగా ఊడిపోతుంది, నూనె కూడా నురగ కడుతుంది. అలాగే బిస్కట్ల పిండిని అసలు సగం చేయాల్సిన పనే లేదు. మొత్తం గుడ్డుతో పూర్తి పిండి కలిపి, సగాన్ని పొడుగ్గా చుట్టి, ప్లాస్టిక్ కాగితంలో గట్టిగా చుట్టి ఫ్రీజర్‌లో పెట్టేస్తే నెల తర్వాత కూడా చక్రాలుగా కోసి కాల్చుకోవచ్చు. కేకు పిండిని ఇలా దాచడం కుదరదు. తడి తగలగానే బేకింగ్ పౌడరు పని మొదలుపెడుతుంది, మర్నాటికి దాని బలం తగ్గిపోతుంది.

మిగిలిన సగం సొన ఏమైంది? అది గ్లాసులోనే గట్టు మీద ఉండిపోతే మన ఎండలకి తొందరగా పాడవుతుంది. పచ్చి సొనని మామూలు రోజుల్లో రెండు గంటలకు మించి, వేసవిలో గంటకు మించి బయట ఉంచకూడదు. కొలవడం అవగానే మూత గట్టిగా పట్టే చిన్న సీసాలో పోసి, తేదీ రాసిన కాగితం అంటించి, ఫ్రిజ్ లోపలి అరలో పెట్టేయండి. తలుపు అరలో వద్దు, తీసినప్పుడల్లా వేడి తగులుతుంది. రెండు రోజుల్లో వాడేయాలి. వారానికోసారి కేకు చేసే ఇల్లయితే ఐస్ ట్రేలో ఒక గడిలో పోసి గడ్డ కట్టించి, కవరులో వేసి ఫ్రీజర్‌లో ఉంచుకోవచ్చు. వచ్చేసారి చేసే సగం కేకుకి అది సిద్ధంగా ఉంటుంది. ముందు రోజు రాత్రే కింది అరలోకి మార్చుకుంటే నెమ్మదిగా కరుగుతుంది. పచ్చసొన వాడాక మిగిలిన తెల్లసొన అయితే ఫ్రిజ్‌లో నాలుగు రోజులుంటుంది.

నిజానికి అంత దూరం పోనక్కర్లేదు. మర్నాటి ఉదయం ఆమ్లెట్‌లో రెండు గుడ్లతో పాటు అదీ కలిపేస్తే ఎవరికీ తెలియదు. మిగిలిన అన్నంతో ఎగ్ ఫ్రైడ్ రైస్ చేస్తే ఒక మనిషికి అర గుడ్డు చాలు. బంగాళాదుంప కట్లెట్లని బ్రెడ్ పొడిలో దొర్లించే ముందు ముంచడానికి అర గుడ్డులో రెండు చెంచాల నీళ్లు కలిపితే ఆరేడు కట్లెట్లకి వస్తుంది. ఒక చెంచా పాలు కలిపి, కాల్చబోయే బన్నుల మీదో, కర్రీ పఫ్‌ల మీదో బ్రష్‌తో పూస్తే పైన బేకరీలో దొరికేవాటిలా ఎర్రగా మెరుస్తాయి. పూత మాత్రం పల్చగా ఉండాలి. అంచుల నుంచి ట్రే మీదకి కారితే అక్కడ గడ్డకట్టి అంటుకుపోయి, తీసేటప్పుడు అడుగు చిరుగుతుంది.